తరంగం క్లిప్‌కి నల్ల పట్టీలు తీయడం: ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

పని ఇది. మేనకోడలి కూచిపూడి ప్రదర్శన కళాభారతిలో జరిగింది. వీడియోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫైల్‌లో పైనా కిందా దట్టమైన నల్ల పట్టీలు ఉన్నాయి. అందులోంచి తరంగం ముక్క, అంటే ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి నాట్యం చేసే భాగంలోంచి నలభై సెకన్లు, ఫోన్ నిలువుగా పట్టుకున్నా స్క్రీన్ నిండేలా చేసి ఇంట్లోవాళ్లకి పంపాలి. పెద్దమ్మ అనకాపల్లిలో ఉంటుంది. ఫోన్ అడ్డంగా తిప్పడం ఆవిడకి నచ్చదు, ఆటో రొటేట్ ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. మొదట పంపిన క్లిప్ చూసి ఫోన్ చేసింది: "ఏటిరా ఇది, పైనా కిందా అంత నలుపు? మధ్యలో పిల్ల చీమంత కనిపిస్తంది."

లెక్క వేస్తే ఆవిడ మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. ఆవిడ ఫోన్ స్క్రీన్ 1080×2400. మన ఫైల్ 1920×1080. నిలువు ఫోన్‌లో దాన్ని వెడల్పుకి సరిపెడితే 1080×607 అవుతుంది. అందులో పట్టీలు పోగా అసలు బొమ్మ ఎత్తు 452 వరుసలే. 2400లో 452 అంటే స్క్రీన్‌లో అయిదో వంతు కూడా కాదు.

ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. నల్ల పట్టీలు ఫైల్‌లోనే ఉన్నాయా, లేక చూపించేటప్పుడు ప్లేయర్ పెడుతోందా? రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి గానీ వైద్యం వేరు. ప్లేయర్ పెట్టే పట్టీలు ఫైల్‌లో లేవు కాబట్టి కోయడానికి ఏమీ ఉండదు. తేల్చడానికి సులువైన దారి, కంప్యూటర్‌లో ఆదేశాలు టైప్ చేసి నడిపే ffmpeg అనే వీడియో ప్రోగ్రాంతో పాటు వచ్చే ffprobe తో ఫైల్‌లోని బొమ్మ కొలత చూడటం:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=width,height,r_frame_rate natyam.mp4
```

1920, 1080, సెకనుకి 25 ఫ్రేములు అని వచ్చింది. 1920×804 లాంటిదేదో వచ్చి ఉంటే బొమ్మే పల్చటి ఆకారంలో ఉందని, పట్టీలు ప్లేయర్‌వని అర్థం. 1080 వరుసలు పూర్తిగా ఉండి కూడా నలుపు కనిపిస్తోందంటే ఆ నలుపు బొమ్మలో భాగంగా ఫైల్‌లోకి ఎక్కేసింది. కంప్యూటర్ అందుబాటులో లేకపోతే ఫోన్‌ని అడ్డంగా తిప్పి చూడండి. నాలుగు పక్కలా నలుపు కనిపిస్తే పట్టీలు ఫైల్‌వే. పైనా కిందా ఉన్నది ఫైల్‌ది, అటూ ఇటూ ఉన్నది ప్లేయర్‌ది.

ఆదివారం

కోతకి ముందు వీడియోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. పట్టీలు లేని కాపీ ఉందేమోనని. ఇలాంటి పట్టీలు చాలాసార్లు కెమెరాలో పుట్టవు. ఎడిటింగ్‌లో బొమ్మ మీద నల్ల పొరలా వేస్తారు. ఆ పొర కింద కెమెరా తీసిన బొమ్మ 1080 వరుసలూ చెక్కుచెదరకుండా ఉంటుంది. అది దొరికితే నిలువు కోతకి 607 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది. పట్టీలు కోసేసిన బొమ్మలోంచైతే 450 మాత్రమే. తేడా చిన్నది కాదు.

"సినిమా లుక్ సార్, ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు" అన్నాడు. ప్రాజెక్టు ఫైల్ తీసేశారట, కార్డులు మళ్లీ వాడేశారట. సరే, ఉన్నదాంతోనే కానివ్వాలి. మీ ఇంట్లో ఫంక్షన్ ఉంటే మాత్రం డబ్బులిచ్చేటప్పుడే పట్టీలు లేని కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో వెయ్యమని చెప్పండి. తర్వాత అడిగితే దొరకదు.

పట్టీల కొలత తీయడానికి ffmpeg లో cropdetect అనే ఫిల్టర్ ఉంది. ఫ్రేమ్ అంచు నుంచి లోపలికి ఒక్కో వరుసా చూస్తూ, సగటు వెలుగు ఒక హద్దు దాటిన చోట "బొమ్మ ఇక్కడ మొదలైంది" అంటుంది. ఆ హద్దు మామూలుగా 24. వీడియోలో నలుపు 0 కాదు, సాధారణంగా 16. తెలుపు 235. అంటే నలుపు కన్నా ఎనిమిది మెట్లు పైన గీత గీసినట్టు.

ఫైల్ మొదట్లో నడిపితే వచ్చిన అంకెలు నమ్మశక్యంగా లేవు. అటూ ఇటూ కూడా వందల పిక్సెళ్లు కొయ్యమంటోంది. కారణం వేదికే. వెనక నల్ల తెర, లైట్లు తగ్గించి మధ్యలో ఒక్క వెలుగు. ఆ ఫిల్టర్‌కి నల్ల తెరకీ నల్ల పట్టీకీ తేడా తెలియదు. నాట్యం వీడియోల్లో, రాత్రి షూటింగ్‌ల్లో ఇది తప్పకుండా ఎదురవుతుంది.

దీనికి తిరగబడిన చిక్కు ఇంకొకటి దొరికింది. ప్రతి అంశం మొదట్లో ఆ అంశం పేరు, కళాకారిణి పేరు కింది నల్ల పట్టీలో తెల్ల అక్షరాలతో వేశారు. అక్షరాలున్న వరుసలు వెలుగుగా ఉంటాయి కాబట్టి, వాటిని కూడా బొమ్మే అనుకుని cropdetect కింద కోత తగ్గించేస్తుంది. పైగా reset విలువ 0 ఉంటే అప్పటిదాకా చూసినవాటిలో అతి పెద్ద బొమ్మ కొలతనే చివరిదాకా పట్టుకుంటుంది. ఒక్కసారి పేరు కనిపిస్తే చాలు, ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ పాడే.

కాబట్టి కొలవడానికి సరైన చోటు ఏదంటే, లైట్లు పూర్తిగా వెలిగి, వేదిక అంచులు కూడా కనిపిస్తూ, పట్టీలో అక్షరాలు లేని చోటు. ప్రదర్శన చివర అందరూ వేదిక మీదికొచ్చి నమస్కారం చేసే భాగం నాకు సరిగ్గా పనికొచ్చింది. తరంగం క్లిప్‌ని కొయ్యడానికి తరంగంలోనే కొలవాలని లేదు. పట్టీలు ఫైలంతా ఒకేలా ఉన్నాయి.

```
ffmpeg -ss 01:21:00 -i natyam.mp4 -t 20 -vf cropdetect=limit=24:round=2:reset=0 -f null -
```

వరుసగా `crop=1920:804:0:138` అని వచ్చింది. వెడల్పు 1920, ఎత్తు 804, ఎడమ నుంచి 0, పై నుంచి 138 అని చదువుకోవాలి. పైన 138, కింద 138. 1080లోంచి ఆ రెండూ తీసేస్తే 804, లెక్క కుదిరింది. 1920ని 804తో భాగిస్తే సుమారు 2.39, అంటే సినిమాస్కోప్ ఆకారం. కొలత ఇలా తెలిసిన ఆకారానికి దగ్గరగా వచ్చి, పైనా కిందా సమానంగా ఉంటే నమ్మొచ్చు. 796:0:152 లాంటిదేదో వస్తే మళ్లీ వేరే చోట కొలవాలి.

round గురించి ఒక మాట. నేను 2 ఇచ్చాను. ఏమీ ఇవ్వకపోతే 16 తీసుకుని కొలతని 16 గుణిజానికి తగ్గిస్తుంది, `crop=1920:800:0:140` అంటుంది. ఇక్కడ నిజానికి ఆ రెండోదే మంచిది. ఎందుకో కోసి చూస్తేనే తెలిసింది. 804 దగ్గర కోస్తే పై అంచున సన్నటి మసక గీత మిగిలింది. ఈ ఫైల్‌ని కుదించిన పద్ధతి పేరు హెచ్.264, అది బొమ్మని 16×16 గళ్లుగా తీసుకుని కుదిస్తుంది. 138 అనేది 16 గుణిజం కాదు కాబట్టి, నలుపూ బొమ్మా కలిసే గీత ఒక గడి మధ్యలో పడింది. ఆ గడిలో నలుపు బొమ్మలోకి, బొమ్మ నలుపులోకి కాస్త కారుతుంది. పైనా కిందా రెండేసి వరుసలు ఎక్కువ కోస్తే ఆ మసక పోతుంది. నాలుగు వరుసలు పోతే ఎవరూ కనిపెట్టలేరు, కానీ స్క్రీన్ నిండిన బొమ్మకి పైన మిలమిలలాడే గీత ఉంటే ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. 800, 140 ఖాయం చేశాను.

కోతని ఎన్‌కోడ్ చేయకుండానే చూసుకోవచ్చు:

```
ffplay -vf crop=1920:800:0:140 natyam.mp4
```

పోయింది నలుపు ఒక్కటే కాదు. పట్టీలో వేసిన పేర్లూ పోయాయి. వాటిని మళ్లీ బొమ్మ మీద వేసే ఓపిక లేదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు కింద టైప్ చేస్తే సరిపోతుంది.

సోమవారం, ఆఫీసు అయ్యాక

నిలువు పనిలోకి దిగే ముందు అడ్డం కాపీ ముగించాను. బావకి, అక్కకి ఫోన్ అడ్డంగా పట్టుకోవడంలో ఇబ్బంది లేదు. వాళ్లకి మొత్తం ప్రదర్శన కావాలి.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలిసినట్టు లేదు. అడ్డంగా పట్టుకుంటే మన ఫైల్‌ని కొయ్యకపోయినా పట్టీలు దాదాపు పోతాయి. రెండు వేళ్లతో స్క్రీన్ మీద లాగి జూమ్ చేస్తే చాలు. 2400×1080 స్క్రీన్‌లో 1920 వెడల్పు బొమ్మ 2400కి పెరుగుతుంది, అంటే ఒకటింపావు రెట్లు. అప్పుడు అసలు బొమ్మ ఎత్తు 804 నుంచి 1005 అవుతుంది. స్క్రీన్ ఎత్తు 1080 కదా, పైనా కిందా 37 వరుసల నలుపు మాత్రం మిగులుతుంది. బొమ్మలో ఒక్క పిక్సెల్ కూడా పోలేదు, బయటికి వెళ్లింది నలుపే. మిగిలిన ఆ సన్నటి నలుపు కూడా పోవాలంటే పక్కల నుంచి కొయ్యాలి. 800 ఎత్తుకి 20:9 ఆకారం వెడల్పు 1778. అంటే అటూ ఇటూ కలిపి 142 పిక్సెళ్లు, బొమ్మలో ఏడు శాతం పైచిలుకు. అది నేను చెయ్యను. అందరి ఫోన్లూ ఒకే ఆకారంలో ఉండవు. ఒక ఫోన్‌కి సరిగ్గా కోసిన ఫైల్ ఇంకో ఫోన్‌లో మళ్లీ పట్టీలు తెస్తుంది. నలుపు వరకే కోసి, మిగతాది చూసేవాళ్ల వేళ్లకి వదిలెయ్యడం మేలు.

మరి జూమ్‌తో పోయేదానికి కొయ్యడం ఎందుకు అంటే, ప్రతిసారీ జూమ్ చెయ్యక్కర్లేకుండా. గంటన్నర వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే ఎంతో కొంత స్పష్టత పోతుంది, నా ల్యాప్‌టాప్ రాత్రంతా మోగుతుంది. ఎన్‌కోడ్ లేకుండా కోత పెట్టే దారి ఒకటుంది. హెచ్.264 ఫైల్ తలకట్టులోనే "ఇన్ని వరుసలు చూపించకు" అని రాసే చోటు ఉంది. బొమ్మ డేటా ముట్టుకోకుండా ఆ అంకెలు మారిస్తే చాలు.

```
ffmpeg -i natyam.mp4 -c copy -bsf:v h264_metadata=crop_top=140:crop_bottom=148 natyam_wide.mp4
```

కింద 140 కాకుండా 148 ఎందుకు? 1080 అనేది 16తో భాగించబడదు. అందుకని హెచ్.264 లోపల 1088 వరుసలు దాచి, చివరి 8 చూపించొద్దని ఆ తలకట్టులో ముందే రాసి ఉంటుంది. మనం ఇచ్చే అంకె పాత అంకెకి కలవదు, దాన్ని చెరిపేసి ఆ చోట కూర్చుంటుంది. కాబట్టి ఆ 8 కూడా మనమే కలుపుకోవాలి. 1088లోంచి 140, 148 తీస్తే 800. ఇది గుర్తులేకుండా 140 ఇస్తే కింద ఎనిమిది వరుసలు ఎక్కువ మిగిలిపోతాయి, అందులో ఆరు నలుపే.

నిమిషం లోపే అయిపోయింది. కాకపోతే ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఎంపీ4 ఫైల్ పైపొరలో బొమ్మ సైజు విడిగా ఇంకోచోట కూడా రాసి ఉంటుంది. అక్కడ పాత 1080 అలాగే ఉండిపోయి, ప్లేయర్ దాన్ని నమ్మితే 800 వరుసల బొమ్మని 1080కి సాగదీస్తుంది. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. పళ్ళెం గుండ్రంగా కాకుండా నిలువు కోడిగుడ్డులా ఉంటే అదే జరిగిందని అర్థం. బావ ఫోన్‌లోనూ, ఇంటి టీవీలోనూ చూసి, పళ్ళెం గుండ్రంగానే ఉందని నిర్ధారించుకున్నాకే పాత ఫైల్ పక్కన పెట్టాను. తేడా వచ్చి ఉంటే మామూలుగా ఎన్‌కోడ్ చేసేవాణ్ణి.

బుధవారం

నిలువు క్లిప్. అసలు కష్టం ఇక్కడే.

800 ఎత్తు బొమ్మలోంచి 9:16 కిటికీ తీస్తే వెడల్పు 450. 1920లో 450 అంటే నాలుగో వంతు కూడా కాదు. మిగతా మూడు వంతుల పైచిలుకు పారేస్తున్నాం. మాట్లాడే మనిషి ముఖమైతే ఫర్వాలేదు. నాట్యంలో పారేసే భాగంలోకి చెయ్యి వెళ్తుంది.

ఎప్పుడు వెళ్తుందో ముందే చెప్పే చిన్న లెక్క ఒకటి ఉంది. మనిషి చేతులు రెండూ చాపితే ఆ వెడల్పు దాదాపు మనిషి ఎత్తంత ఉంటుంది. మన కిటికీ వెడల్పు 450. కాబట్టి బొమ్మలో మనిషి ఎత్తు 450 పిక్సెళ్లు దాటితే, చేతులు పూర్తిగా చాపినప్పుడు వేళ్లు తెగుతాయి. అంటే ఎత్తులో సగం కన్నా కాస్త ఎక్కువ, 56 శాతం. స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిచినా సరిపోతుంది. దూరం నుంచి తీసిన షాట్లకి నిలువు కోత బాగుంటుంది. దగ్గరి షాట్లు ఇరుకవుతాయి. చాలామంది తిరగేసి అనుకుంటారు, దగ్గరి షాట్ నిలువుకి బాగుంటుందని. ముఖానికి నిజమే, హస్తాలకి కాదు.

క్లిప్‌లో మూడు షాట్లున్నాయి, రెండు కెమెరాల మధ్య మార్చి ఎడిట్ చేశారు. మొదటిది దూరం షాట్, పాప మధ్యలో, ఎత్తు సుమారు 380. హాయిగా పడుతుంది. రెండోది దగ్గరిది, ఎత్తు 600 దాకా ఉంది. ఇది పట్టదు. మూడోది మళ్లీ దూరం షాటే గానీ, పళ్ళెం మీద నిలబడి మెల్లగా వేదిక కుడి పక్కకి జరుగుతుంది. కిటికీ ఆమెతోపాటు జరగాలి.

మూడింటికీ ఒకే కోత కుదరదు కాబట్టి మూడు ముక్కలుగా చేసి, చివర అతికిద్దామని నిర్ణయించుకున్నాను. సైజు 720×1280. 1080×1920 చెయ్యొచ్చు గానీ 800 వరుసల్ని 1920కి సాగదీస్తే కొత్త వివరం ఏమీ రాదు, ఫైల్ బరువెక్కుతుంది అంతే.

మొదటి ముక్క తేలిక:

```
ffmpeg -ss 191.98 -i natyam.mp4 -frames:v 210 -an -vf "crop=1920:800:0:140,scale=3072:1280,crop=720:1280:1176:0" -c:v libx264 -crf 19 p1.mp4
```

నలుపు కోసి, 1.6 రెట్లు పెంచి, మధ్యలోంచి 720 వెడల్పు కిటికీ. షాట్ 192వ సెకను దగ్గర మొదలవుతుంది. నేను 191.98 ఇచ్చాను. ఫ్రేముకి 0.04 సెకను కాబట్టి అర ఫ్రేము వెనక్కి జరిపితే, దశాంశాల తేడాల వల్ల మొదటి ఫ్రేము జారిపోదు. ముగింపు కూడా సెకన్లలో కాకుండా ఫ్రేముల లెక్కలో ఇచ్చాను. షాట్ మారే చోట ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే, తర్వాతి షాట్ బొమ్మ పాత కిటికీలో ఒక్క క్షణం మెరిసి పోతుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ ఏదో తుళ్లిందని మాత్రం అంటారు.

గురువారం రాత్రి

రెండో ముక్క, దగ్గరి షాట్. 600 ఎత్తు మనిషికి కనీసం 600 వెడల్పు కావాలి. 4:5 కిటికీ తీస్తే 640 వస్తుంది. దాన్ని 720 వెడల్పుకి పెంచితే ఎత్తు 900 అవుతుంది. 1280లో ఇంకా 380 ఖాళీ. ఖాళీని అలాగే వదిలితే పెద్దమ్మ అన్న నలుపు మళ్లీ వస్తుంది. అందుకని అదే బొమ్మని మసకగా వెనక పరిచాను:

```
crop=1920:800:0:140,split[a][b];
[a]crop=450:800,scale=720:1280,boxblur=30[bg];
[b]crop=640:800,scale=720:900[fg];
[bg][fg]overlay=0:190
```

ఇది `-vf` తర్వాత కొటేషన్లలో ఒకే వరుసగా ఇవ్వాలి. -ss 200.38, ఫ్రేములు 215.

మసక నేపథ్యం నాకు పెద్దగా ఇష్టం ఉండదు. టీవీ వార్తల్లో ఫోన్ వీడియోలకి అటూ ఇటూ వేసే మసకలాగే ఉంటుంది. కానీ ఇక్కడ అది కలిసొచ్చింది. వెనక తెర నలుపు, పాప చీర ఎరుపు. మసకబారితే పైనా కిందా ముదురు ఎరుపు నీడలాగా వచ్చింది తప్ప కన్ను అటు పోలేదు. వెలుగు ఎక్కువున్న షాట్ అయితే ఇంత బాగా కలవదు, మసకలోని కదలిక కన్ను లాగుతుంది. అప్పుడు `boxblur` తర్వాత `eq=brightness=-0.2` చేర్చి వెనకభాగాన్ని చీకటి చెయ్యాలి.

వేళ్లు తెగినా ఫర్వాలేదు, స్క్రీన్ నిండితే చాలు అనే వాళ్లుంటారు. అక్కని అడిగాను. "హస్తాలు తెగితే టీచర్‌గారు ఒప్పుకోరు, చూపించకు" అంది. సరే మసకే.

శుక్రవారం

మూడో ముక్క. కిటికీ జరగాలి. crop ఫిల్టర్‌లో x విలువని ప్రతి ఫ్రేముకీ మళ్లీ లెక్కగట్టేలా సూత్రం ఇవ్వొచ్చు. అందులో t అంటే ఆ ముక్క మొదలై ఎన్ని సెకన్లైందన్నది. వెడల్పు, ఎత్తు మాత్రం మధ్యలో మారవు. కాబట్టి దీంతో పక్కకి జరపొచ్చు గానీ మెల్లగా జూమ్ చెయ్యడం కుదరదు.

మొదట ప్రయత్నించింది సూటి గీత: మూడో సెకను దగ్గర 1176 నుంచి బయల్దేరి, ఎనిమిది సెకన్లలో 1800కి.

```
x='1176+624*clip((t-3)/8,0,1)'
```

పనిచేసింది గానీ చూడ్డానికి యంత్రంలా ఉంది. ఉన్నట్టుండి బయల్దేరుతుంది, ఉన్నట్టుండి ఆగుతుంది. మనిషి తిప్పే కెమెరా మెల్లగా కదిలి, మెల్లగా ఆగుతుంది. ఆ కదలిక కోసం సూత్రం కొంచెం మార్చాలి:

```
x='st(0,clip((t-3)/8,0,1));1176+624*ld(0)*ld(0)*(3-2*ld(0))'
```

st అంటే ఒక విలువని దాచుకోవడం, ld అంటే దాన్ని తీసి వాడటం. 0 నుంచి 1కి వెళ్లే విలువని మొదట్లోనూ చివర్లోనూ నెమ్మదింపజేసే సూత్రం అది.

ఇక్కడే క్రాప్ ముందా, పెంచడం ముందా అన్నది తేలింది. ముందు 450 కిటికీ తీసి తర్వాత 720కి పెంచితే, కిటికీ నెమ్మదిగా కదిలే చోట బొమ్మ గడగడలాడింది. మామూలు వీడియోలో రంగు సమాచారం రెండు పిక్సెళ్లకి ఒకటి చొప్పున ఉంటుంది. అందుకని crop ఫిల్టర్ x విలువని సరిసంఖ్యకి దించేస్తుంది. కిటికీ ఒక్కో పిక్సెల్ జరగదు, కాసేపు ఆగి రెండు పిక్సెళ్లు దూకుతుంది. ఆ దూకుడుని 1.6 రెట్లు పెంచితే మూడు పిక్సెళ్లు దాటుతుంది, కంటికి తెలుస్తుంది. ముందే 3072కి పెంచి, ఆ పెద్ద బొమ్మలో కిటికీని జరిపితే దూకుడు రెండు పిక్సెళ్లతో ఆగుతుంది. ఫోన్ మీద అది తెలియలేదు. ఇంకా నున్నగా కావాలంటే రెట్టింపు పెంచి, జరిపి, మళ్లీ తగ్గించాలి. సమయం బాగా పడుతుంది.

ఇంకొకటి. కిటికీ మధ్యలో మనిషిని కచ్చితంగా ఉంచాలని చూడొద్దు. పాప ఒక పక్కకి వంగితే కిటికీ కూడా వంగితే, కదిలేది వేదికే అన్నట్టు కనిపిస్తుంది. పళ్ళెం ఎటు జరుగుతోందో దాన్ని పట్టుకుని జరిపాను. నడుము, తల ఎటు ఊగినా కిటికీ కదల్లేదు. తరంగంలో పళ్ళెమే ఆధారం కాబట్టి ఆ లెక్క సరిగ్గా కుదిరింది.

శనివారం

అతికే పని. మూడు ముక్కలకీ `-an` ఇచ్చి శబ్దం తీసేశాను, కావాలనే. ప్రతి ముక్కకీ శబ్దం విడిగా కోసి అతికితే అతుకు దగ్గర టప్‌మని వినిపించే ప్రమాదం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఏఏసీ శబ్దం 1024 నమూనాల ముక్కలుగా ఉంటుంది, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కోటి సుమారు 21 మిల్లీసెకన్లు. వీడియో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. రెండూ సరిగ్గా ఒకచోట ముగియవు, ప్రతి అతుకు దగ్గరా కొంచెం కొంచెం జారుతుంది. మాటల వీడియోలో అది ఎవరికీ పట్టదు. మృదంగం దెబ్బకి పాదం పడే చోట వెంటనే తెలుస్తుంది. అందుకని బొమ్మలు అతికి, శబ్దాన్ని అసలు ఫైల్‌లోంచి ఒకే ముక్కగా తెచ్చాను.

```
ffmpeg -f concat -i list.txt -ss 192 -t 40 -i natyam.mp4 -map 0:v -map 1:a -c:v copy -c:a aac -b:a 192k -movflags +faststart tarangam.mp4
```

list.txt లో వరుసకొకటి చొప్పున `file 'p1.mp4'` అని మూడు వరుసలు. మూడు ముక్కల ఎన్‌కోడ్ సెట్టింగులు, సైజు, ఫ్రేముల వేగం ఒకటే ఉండాలి, లేకపోతే అతుకు దగ్గర బొమ్మ పాడవుతుంది.

పెద్దమ్మకి పంపాను. 9:16 బొమ్మ 1080 వెడల్పు ఫోన్‌లో 1920 ఎత్తు ఆక్రమిస్తుంది. 2400లో ఇంకా 480 మిగులుతుంది కదా అని అనుమానం. పొడుగు ఫోన్‌లలో అది తప్పదు. అదీ నింపాలంటే కిటికీ 360కి తగ్గించాలి, అప్పుడు మొదటి షాట్‌లో కూడా చేతులు తెగుతాయి. ఆ నలుపు మీద టైమూ, బ్యాటరీ గుర్తూ, కింద రిప్లై బాక్సూ కూర్చుంటాయి కాబట్టి పెద్దగా కనిపించదు. "ఇప్పుడు కాళ్లు కూడా కనిపిస్తన్నాయి, పళ్ళెం కూడా" అంది పెద్దమ్మ. నలుపు మాటెత్తలేదు.

చివరి బృంద నాట్యం కూడా నిలువుగా చెయ్యమని బావ అడిగాడు. చెయ్యనన్నాను. ఆరుగురు పిల్లలు వేదిక వెడల్పునా వరుసగా నిలబడ్డారు. 450 వెడల్పు కిటికీలో ఇద్దరు పడతారు, మిగతా నలుగురి ఇళ్లవాళ్లకి ఏం చెప్పాలి? అది అడ్డం కాపీలోనే చూసుకోమన్నాను.